స్విచ్ కట్టొద్దు, తెర ఆర్పండి

రాత్రి పదిన్నరకు షిఫ్టు ముగుస్తుంది. ల్యాప్‌టాప్ మూత పడుతుంది, కుర్చీ వెనక్కి జరుగుతుంది, చెయ్యి తనంతట తానే గోడ మీదికి వెళ్తుంది. లైటు, ఫ్యాను, ఆఖరున మానిటర్ ప్లగ్గు. టక్, టక్, టక్. ఇంట్లో పెద్దవాళ్లు చిన్నప్పుడు నేర్పిన పొదుపు అది. ట్యూబులైటుకైనా, పాత ఎల్‌సీడీ తెరకైనా ఆ అలవాటు వల్ల వచ్చే నష్టమేమీ లేదు. బల్ల మీద ఉన్నది ఓఎల్‌ఈడీ మానిటర్ అయితే మాత్రం ఆ మూడో టక్కు ప్రతి రాత్రీ దాన్ని కాస్త దెబ్బతీస్తుంది.

ఎందుకో తెలియాలంటే ముందు ఆ తెర ఎలా అరుగుతుందో చూడాలి.

మామూలు ఎల్‌సీడీ మానిటర్‌లో వెలుగు వెనక నుంచి వస్తుంది. వెనక దీపాలు, ముందు వాటి వెలుగును ఆపే, వదిలే తెర. ఓఎల్‌ఈడీలో వెనక దీపం లేదు. ప్రతి చుక్కా తనే ఒక దీపం. కర్బన పదార్థాల పలుచటి పొరల్లోంచి కరెంటు వెళ్తే అవే వెలుగుతాయి. ఈస్ట్‌మన్ కోడక్ కంపెనీలో పనిచేసిన చింగ్ టాంగ్, స్టీవెన్ వాన్ స్లైక్ 1987లో ప్రచురించిన పరిశోధన ఈ తెరలన్నిటికీ మూలం. నలుపు చూపించాల్సిన చోట చుక్క పూర్తిగా ఆరిపోతుంది కాబట్టి ఈ తెర మీద నలుపు కాటుకలా ఉంటుంది. సినిమా చూసేవాళ్లు, ఆటలు ఆడేవాళ్లు మోజు పడేది దానికే.

అయితే దీపం అన్నాక వెలిగిన కొద్దీ తగ్గుతుంది. 4K తెర మీద ఎనభై లక్షలకు పైగా చుక్కలుంటాయి. ఒక్కో చుక్కలో రంగుకొకటి చొప్పున విడివిడి దీపాలుంటాయి. అన్నీ ఒకేలా తగ్గితే చూసేవారికి ఏమీ తెలియదు, తెర మొత్తం కొంచెం మసకబారిందంతే. కొన్ని ఎక్కువగా, కొన్ని తక్కువగా అరిగినప్పుడే ఆ తేడా బొమ్మ కడుతుంది. ఏళ్ల తరబడి ఒకే చోట వేలాడిన క్యాలెండరును తీస్తే దాని వెనక సున్నం ఎలా తెల్లగా, నలుచదరంగా కనిపిస్తుందో ఇదీ అంతే. క్యాలెండరు గోడకు చేసిందేమీ లేదు. చుట్టూ ఉన్న గోడ మాసింది, దాని వెనక భాగం మాయలేదు. బర్న్-ఇన్ అనే పేరు వినగానే తెర కాలిపోయినట్టు అనిపిస్తుంది గానీ అక్కడ జరిగింది ఈ హెచ్చుతగ్గుల అరుగుదలే.

అందుకే మచ్చ రెండు రకాలుగా పడుతుంది. ఎప్పుడూ తెల్లగా వెలిగే ఎక్సెల్ రిబ్బను ఉన్న చోట చుక్కలు ఎక్కువ అరిగి ఆ పట్టీ మసకగా కనిపించవచ్చు. ఎప్పుడూ నల్లగా ఉండే టాస్క్‌బార్ కింద చుక్కలు అరగక ఆ పట్టీ చుట్టుపక్కల కంటే కాంతివంతంగా కనిపించవచ్చు. డార్క్ మోడ్ పెట్టేశాం కదా, ఇక భయం లేదనుకునేవారు ఈ రెండో సంగతి మరిచిపోతారు. డార్క్ మోడ్ మేలే, మొత్తం అరుగుదలను బాగా తగ్గిస్తుంది. కానీ నల్లటి కిటికీల మధ్య రోజంతా కదలని ఒక తెల్ల గీత ఉంటే, ఆ గీత కింద ఉన్న చుక్కలు ఒంటరిగా అరుగుతాయి.

ఊహించి చెబుతున్న మాట కాదిది. మానిటర్స్ అన్‌బాక్స్‌డ్ యూట్యూబ్ ఛానల్ సమీక్షకుడు టిమ్ షీసర్ 2024లో ఒక కొత్త ఎంఎస్ఐ 32 అంగుళాల 4K క్యూడీ-ఓఎల్‌ఈడీ మానిటర్‌ను కావాలనే మొరటుగా వాడడం మొదలుపెట్టారు. ఆటలకు తయారైన తెర మీద రోజూ ఆఫీసు పని. ప్రకాశం 200 నిట్లు, స్క్రీన్‌సేవర్ లేదు, రెండు కిటికీలు పక్కపక్కన. తెర తనంతట తాను చేసుకునే సవరింపులను మాత్రం ఆపలేదు. కొన్ని నెలలకే తెర నడిమధ్యన, రెండు కిటికీలు కలిసే చోట, సన్నటి నిలువు గీత లీలగా కనిపించడం మొదలైంది. రోజువారీ పనిలో అది కంటబడేంతటిది కాదు, ఒకే రంగు నింపిన తెర మీద వెతికితే దొరికేంతటిది. గమనించాల్సిందేమిటంటే, మొదట పడిన ముద్ర పెద్ద బొమ్మది కాదు, ఎవరూ పట్టించుకోని ఒక సరిహద్దుది.

అంతకుముందు 2018లో కెనడాకు చెందిన ఆర్‌టింగ్స్ సంస్థ ఆరు ఎల్‌జీ ఓఎల్‌ఈడీ టీవీలను రోజుకు ఇరవై గంటల చొప్పున నడిపి చూసింది. ఒక్కో టీవీకి ఒక్కో రకం కార్యక్రమం. సీఎన్ఎన్ వార్తలు నిరంతరం చూపించిన టీవీల మీద ఛానల్ గుర్తు, కింది పట్టీ ముద్ర పడ్డాయి. వాటిలోనూ ప్రకాశం పెంచి నడిపినదాని పరిస్థితి 200 నిట్ల దగ్గర ఉంచినదానికంటే అధ్వాన్నం. పొద్దున లేచింది మొదలు తెలుగు న్యూస్ ఛానల్ మోగుతూ, ఎర్ర పట్టీలో బ్రేకింగ్ పరుగెడుతూ ఉండే ఇళ్లకు ఈ ప్రయోగం కాస్త దగ్గరగానే తగులుతుంది. అది వేరే కథ.

ఇప్పుడు గోడ స్విచ్ దగ్గరికి వద్దాం. చుక్కలు హెచ్చుతగ్గులుగా అరుగుతాయని తయారీదారులకు తెలుసు. అందుకే తెరలోనే ఒక లెక్కల పద్దతి పెట్టారు. మొత్తం మీద నాలుగు గంటలు పనిచేశాక, తెర ఆరినప్పుడు, మానిటర్ ఒక్కో చుక్కకు చెందిన విద్యుత్ లక్షణాలను కొలుస్తుంది. ఏది ఎంత మారిందో చూసి దానికి ఇచ్చే కరెంటును సరిదిద్దుతుంది. దీన్నే పిక్సెల్ రిఫ్రెష్ అంటారు. చాలా మోడళ్లలో ఇది అయిదు నుంచి పది నిమిషాల పని. నాలుగు గంటలన్నది ఎక్కువ మోడళ్లు పాటించే లెక్క, కచ్చితమైన అంకె మాన్యువల్‌లో ఉంటుంది.

ఈ పని స్టాండ్‌బైలోనే జరుగుతుంది. అంటే తెర ఆరి ఉండాలి, కరెంటు మాత్రం అందుతూ ఉండాలి. షిఫ్టు ముగియగానే ప్లగ్గు కట్టేసేవాళ్ల మానిటర్‌కు ఆ పది నిమిషాలు ఏ రాత్రీ దొరకవు. కొలత వాయిదా పడుతూ వస్తుంది. కొన్ని మానిటర్లు పదహారు గంటల తర్వాత తెర మీద పెద్ద డబ్బా చూపించి బతిమాలతాయి. సరిగ్గా మీటింగు మధ్యలో వస్తుంది కాబట్టి చాలామంది దాన్ని తోసిపుచ్చుతారు. మధ్యలో కరెంటు పోయి ఒకసారి ఆగిపోతే కొంప మునగదు, తర్వాత మళ్లీ మొదలవుతుంది. అలవాటుగా ఆపేయడమే చేటు.

పొదుపు మాటేమిటి అంటారా? స్టాండ్‌బైలో మానిటర్ తాగేది మామూలుగా అర వాటు. ఏడాది పొడవునా, ఇరవై నాలుగు గంటలూ అలా ఉన్నా నాలుగున్నర యూనిట్లు దాటదు. యూనిట్ తొమ్మిది రూపాయలనుకున్నా నలభై చిల్లర. పిడుగులు పడే సాయంత్రం ప్లగ్గు పీకాలనిపిస్తే పీకవచ్చు, పది నిమిషాలు ఆగి పీకితే ఇంకా మంచిది. ల్యాప్‌టాప్, మానిటర్, ఛార్జర్ అన్నీ ఒకే ఎక్స్‌టెన్షన్ బోర్డుకు పెట్టి, బోర్డు స్విచ్ ఒక్కటీ కట్టేసేవాళ్లు మానిటర్‌ను వేరే ప్లగ్గుకు మార్చుకుంటే అలవాటుతో కుస్తీ పట్టక్కర్లేదు.

ఇక్కడ ఒక అపోహ కూడా ఉంది. రిఫ్రెష్ చేస్తే తెర మళ్లీ కొత్తదవుతుందని కొందరు రోజూ మెనూలోకి వెళ్లి పెద్ద రిఫ్రెష్‌ను నొక్కుతుంటారు. గంట దాకా పట్టే ఆ ప్యానెల్ రిఫ్రెష్ వేల గంటలకోసారి జరగాల్సింది. అరిగిన చుక్కను అది బాగుచేయలేదు. దానికి ఇంకాస్త కరెంటు పెట్టి పక్కవాటితో సమానంగా వెలిగేలా చేస్తుంది, అంతే. నిల్వ ఉన్న శక్తిలోంచి తీసి ఇస్తున్నట్టు లెక్క. నిల్వ అయిపోయాక మచ్చ బయటపడుతుంది. కాబట్టి చిన్న రిఫ్రెష్‌ను దాని మానాన దాన్ని జరగనివ్వాలి, పెద్దదాన్ని మానిటర్ అడిగినప్పుడే చేయాలి.

అసలు అరుగుదలను తగ్గించాలంటే మాత్రం చేతిలో ఉన్నవి రెండే పగ్గాలు: ఎంత కాంతితో వెలుగుతోంది, ఎన్ని గంటలు వెలుగుతోంది.

కాంతి ముందు. చుక్క జీవితకాలం ప్రకాశంతో పాటు సూటి లెక్కలో తగ్గదు, అంతకంటే వేగంగా తగ్గుతుంది. ప్రకాశాన్ని సగం చేస్తే ఆయుష్షు రెట్టింపు కంటే ఎక్కువే, ఉజ్జాయింపుగా రెండు నుంచి మూడు రెట్లు పెరుగుతుందని చెప్పుకోవచ్చు. ఇంట్లోనో ఆఫీసులోనో మామూలు వెలుతురులో అక్షరాలు చదవడానికి 120 నిట్లు చాలు. ఈ తరం 32 అంగుళాల క్యూడీ-ఓఎల్‌ఈడీ మానిటర్లు నిండు తెలుపు మీద 250 నిట్ల దాకా ఇస్తాయి. కొన్న రోజు ఉన్న సెట్టింగునే వదిలేస్తే అవసరానికి రెట్టింపు కాంతి మండుతున్నట్టే. కొలిచే పరికరం అక్కర్లేదు. తెర పక్కన ఒక తెల్ల కాగితం పట్టుకుని, ఖాళీ వర్డ్ పేజీ ఆ కాగితంలాగే కనిపించేదాకా ప్రకాశం తగ్గిస్తే దాదాపు సరైన చోటికి వస్తుంది. కాగితం కంటే తెర దీపంలా మెరుస్తోందంటే ఇంకా ఎక్కువే ఉన్నట్టు. విండోస్‌లో HDR కూడా సినిమాకో ఆటకో తప్ప, ఆఫీసు పనికి ఆపి ఉంచడం మంచిది.

ఇక గంటలు. కూకట్‌పల్లి ఫ్లాట్‌లో కూర్చుని అమెరికా క్లయింటుకు పనిచేసే ఒక ఉద్యోగిని ఊహించుకుందాం. మధ్యాహ్నం ఒంటిగంటన్నర నుంచి రాత్రి పదిన్నర దాకా తొమ్మిది గంటలు, ఏడాదికి 240 రోజులు. మొత్తం 2160 గంటలు. అందులో భోజనం, రెండు టీలు, పాపను ట్యూషన్ నుంచి తెచ్చుకోవడం, చెవిలో ఇయర్‌ఫోన్ పెట్టుకుని బాల్కనీలో తిరుగుతూ మాట్లాడే కాల్స్ అన్నీ కలిపి రోజుకు రెండు గంటలు తెర ముందు మనిషి ఉండరు. ఏడాదికి 480 గంటలు ఎవరూ చూడని ఎక్సెల్ షీటు వెలుగుతూ ఉంటుంది. ఆ గంటలను తీసేస్తే మిగిలేవి 1680. ప్రకాశం కూడా 240 నుంచి 120 నిట్లకు దింపితే ఆ 1680 గంటల అరుగుదల పాత ప్రకాశంలో 560 నుంచి 840 గంటల అరుగుదలతో సమానం. అంటే ఏడాది వాడకం పాత పద్ధతిలో మూడు నుంచి అయిదు నెలల వాడకం కిందికి వస్తుంది. ఇంతా చేసి పనిలో ఒక్క నిమిషం కూడా తగ్గలేదు.

ఎవరూ లేనప్పుడు తెర ఆరిపోయేలా చేయడం సులువే. విండోస్‌లో కమాండ్ ప్రాంప్ట్ తెరిచి ఈ ఒక్క వరుస కొడితే, ప్లగ్గులో ఉన్నప్పుడు మూడు నిమిషాలు కదలిక లేకపోతే తెర ఆరుతుంది:

```
powercfg /change monitor-timeout-ac 3
```

కంపెనీ ఇచ్చిన ల్యాప్‌టాప్ అయితే ఈ సెట్టింగును ఐటీ విభాగం తాళం వేసి ఉంచవచ్చు. అప్పుడు లేచేముందు Win + L నొక్కడమే దారి. తాళం పడ్డాక మామూలుగా ఒక నిమిషంలో విండోస్ తనే తెరను ఆర్పేస్తుంది. అదీ కుదరకపోతే మానిటర్ బటన్ ఉండనే ఉంది.

సెట్టింగు పెట్టినా తెర ఆరడం లేదని వాపోయేవాళ్లూ ఉన్నారు. ఏదో ఒక ప్రోగ్రాం తెరను మేల్కొలిపి ఉంచుతోందన్నమాట. వీడియో కాల్ నడుస్తున్నంతసేపూ తెర ఆరదు, అది సహజం. కాల్ ముగిసినా ఆరకపోతే, అడ్మినిస్ట్రేటర్ హక్కులతో తెరిచిన ప్రాంప్ట్‌లో ఇది కొట్టి చూడాలి:

```
powercfg /requests
```

వచ్చే జాబితాలో DISPLAY అన్న మాట కింద ఏ ప్రోగ్రాం పేరుంటే అదే నేరస్తుడు. మరిచిపోయిన బ్రౌజర్ ట్యాబులో ఆగకుండా తిరుగుతున్న వీడియో కావచ్చు. ఈ జాబితాకు దొరకని దొంగ ఒకటుంది. టీమ్స్‌లో పేరు పక్కన ఆకుపచ్చ చుక్క పోకూడదని మౌస్‌ను దానంతట అదే కదిలించే చిన్న పరికరాలు, జిగ్లర్లు, వాడేవాళ్లు ఐటీలో తక్కువేమీ కాదు. ఆ నైతిక చర్చ ఇక్కడ వద్దు. అది తిరుగుతున్నంతసేపూ కంప్యూటర్ దృష్టిలో మనిషి అక్కడే ఉన్నాడు, తెర ఆరే ప్రసక్తే లేదు. భోజనానికి లేచినప్పుడు కనీసం మానిటర్ బటన్ నొక్కి వెళ్లాలి. ఆకుపచ్చ చుక్కకు ఢోకా ఉండదు, తెరకూ ఉండదు.

గంటలు, కాంతి తగ్గాక మిగిలేది కదలకపోవడం. టాస్క్‌బార్‌ను దాచేయడం అన్నిటికంటే లాభసాటి: Settings > Personalization > Taskbar లోకి వెళ్లి Taskbar behaviors కింద Automatically hide the taskbar ను ఎంచుకోవాలి. మొదటి రెండు రోజులు చిరాకు, తర్వాత గుర్తే ఉండదు. ఎక్సెల్, వర్డ్‌లలో Ctrl + F1 నొక్కితే రిబ్బను ముడుచుకుంటుంది. రెండు కిటికీలు పక్కపక్కన పెట్టుకునేవాళ్లు ప్రతిసారీ సరిగ్గా సగానికి విభజించకుండా, ఈ వారం ఎడమది కొంచెం వెడల్పుగా, వచ్చే వారం కుడిది వెడల్పుగా పెట్టుకుంటే షీసర్ తెర మీద పడిన ఆ నడి గీత ఒకే చోట పేరుకోదు.

ఈ పని మానిటర్ తనే చేస్తుంది కదా అని అనిపించవచ్చు. పిక్సెల్ షిఫ్ట్ అనే సదుపాయం ఉంది నిజమే, అప్పుడప్పుడు బొమ్మను మొత్తంగా కొన్ని చుక్కల దూరం అటూ ఇటూ జరుపుతుంది. సన్నటి గీతలకు, అక్షరాల అంచులకు అది మేలు చేస్తుంది. కానీ విండోస్ 11 టాస్క్‌బార్ మామూలు సైజులో 48 చుక్కల ఎత్తు, 4K తెర మీద 150 శాతం పెట్టుకుంటే 72 చుక్కలు. అంత మందాన ఉన్న పట్టీని నాలుగు చుక్కలు జరిపితే అంచు మెత్తబడుతుందే గానీ పట్టీ అక్కడే ఉంటుంది. ఎంఎస్ఐ వంటి కంపెనీల మెనూల్లో టాస్క్‌బార్‌ను, రెండు కిటికీల సరిహద్దును గుర్తుపట్టి అక్కడ మాత్రం కాంతి తగ్గించే సదుపాయాలున్నాయి. వాటిని వేసి ఉంచడమే మేలు. కదలని షీటు ముందు కూర్చుంటే తెర మెల్లగా మసకబారడం కొన్ని మోడళ్లలో కనిపిస్తుంది. అది చెడిపోవడం కాదు, తనను తాను కాపాడుకోవడం. చిరాకుపడి సర్వీసు మెనూలోకి దూరి దాన్ని ఆపేసేవాళ్లున్నారు. ఆపేశాక వచ్చే మచ్చకు వారంటీ అడిగితే ఏం జవాబు వస్తుందో ఊహించుకోవచ్చు.

మచ్చ పడిందో లేదో ఎలా తెలుస్తుంది? Settings > Personalization > Background లో Solid color ఎంచుకుని, తెరనంతా బూడిద రంగుతో నింపాలి. ఐకాన్లు, టాస్క్‌బార్ కనిపించకూడదు. గదిలో లైట్లు తీసేసి రెండడుగుల దూరం నుంచి చూడాలి. తర్వాత ఎరుపు, ఆకుపచ్చ, నీలం ఒక్కొక్కటిగా. మూడింటిలోనూ నీలం వెలుగునిచ్చే పదార్థమే త్వరగా అలసిపోతుంది, కాబట్టి ఒక రంగులో కనిపించని మచ్చ ఇంకో రంగులో బయటపడవచ్చు. ఏదైనా నీడ కనిపిస్తే వెంటనే గుండె జారక్కర్లేదు. చాలాసేపు కదలని బొమ్మ చూపించాక తాత్కాలికంగా నిలిచే నీడలూ ఉంటాయి, అవి కాసేపటికి పోతాయి. రాత్రి రిఫ్రెష్ పూర్తయి, తెల్లారి చూసినా అదే చోట అదే ఆకారం ఉంటే అది బర్న్-ఇన్. ఇంకో పరీక్ష: స్క్రీన్‌షాట్ తీసి ఫోనులో చూడాలి. అందులోనూ మచ్చ ఉంటే తప్పు సాఫ్ట్‌వేర్‌ది, తెరది కాదు.

ఈ పరీక్షను మానిటర్ కొన్న రోజే ఒకసారి చేసి ఫోటోలు తీసి ఉంచుకోవడం తెలివైన పని. కొత్త తెరల మీద కూడా ముదురు బూడిద రంగులో సన్నటి నిలువు చారలు కనిపించడం మామూలే. అవి పుట్టుమచ్చలు. ఆ ఫోటో లేకపోతే ఏడాది తర్వాత వాటిని చూసి కంగారు పడేవాళ్లుంటారు, నిజమైన మచ్చను పుట్టుమచ్చ అనుకుని వదిలేసేవాళ్లూ ఉంటారు. బర్న్-ఇన్‌కు మూడేళ్ల వారంటీ ఇస్తున్న కంపెనీలు ఇప్పుడు చాలా ఉన్నాయి. అయితే ఆ మాట మనదేశంలో అమ్మే మోడల్ వారంటీ కాగితంలో అక్షరాలా ఉందా లేదా అన్నది డబ్బు కట్టకముందే చూసుకోవాలి. బిల్లుతో పాటు ఆ పేజీని, మొదటి రోజు బూడిద తెర ఫోటోను ఒకే ఫోల్డరులో పెట్టుకోవచ్చు.

రోజుకు పది గంటలు ఎక్సెల్, మెయిల్ తప్ప మరొకటి తెరవనివాళ్లకు నిజానికి మంచి ఐపీఎస్ మానిటరే సరిపోతుంది, ధర కూడా తక్కువ. ఓఎల్‌ఈడీ కొనడం అర్థవంతమయ్యేది అదే తెర మీద పగలు పని, రాత్రి సినిమానో ఆటో నడిచే ఇంట్లో. అలాంటి ఇంట్లో కూకట్‌పల్లి ఉద్యోగి రాత్రి పదిన్నరకు చేయాల్సింది ఇదే: Win + L నొక్కి, లైటు, ఫ్యాను కట్టేసి, మూడో స్విచ్ జోలికి పోకుండా తలుపు దగ్గరగా వేసి వెళ్లిపోవడం. లోపల తెర చీకట్లో తన లెక్కలు తను చూసుకుంటుంది.